పది కార్డుల్లో ఒక పుస్తకం

కిందటేడు ఒక పుస్తకం గురించి పది కార్డులు తయారుచేసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టాను. పుస్తకం పేరు ‘ది చెక్‌లిస్ట్ మేనిఫెస్టో’. రాసింది అమెరికా సర్జన్ అతుల్ గవాండే. నల్లటి నేపథ్యం మీద పసుపు అక్షరాలు, కార్డుకో అధ్యాయం, మూలన చిన్న టిక్కు గుర్తు. చూడ్డానికి ముచ్చటగా ఉంది, లైకులూ బాగానే వచ్చాయి. మూడో రోజు పిన్ని ఫోన్ చేసింది.

“ఒరేయ్, నీ బొమ్మలన్నీ జరుపుకుంటూ చివరిదాకా చూశాను. ఇంతకీ ఆయన ఏమంటాడు? పనులు కాగితం మీద రాసుకోమంటాడా? ఆ మాత్రానికి డాక్టరు పుస్తకం రాయాలా? బజారుకెళ్లేటప్పుడు మేం రాసుకోమా?”

పిన్ని ముప్పై ఏళ్లు నర్సుగా చేసి రిటైరైంది. ఆమెకు ఆసుపత్రి సంగతులు చెప్పబోవడం తాతకు దగ్గులు నేర్పడమే. అయినా చెప్పాను, రోగి శరీరంలో గొట్టం పెట్టేముందు డాక్టరు చేతులు కడుక్కోవడం లాంటి ఐదు పనుల జాబితా గురించి.

“అది మాకు తెలీదంట్రా? కడుక్కోవాలని ఆయనకీ తెలుసు, మాకూ తెలుసు. కడుక్కోకుండా వచ్చేస్తే ‘సార్, చేతులు’ అని అనగలిగేదెవరు? దాని గురించి ఏమైనా రాశాడా?”

రాశాడు. ఆ పుస్తకానికి గుండెకాయ అదే. నేను చేసిన పది కార్డుల్లో అది తప్ప అన్నీ ఉన్నాయి.

ఆ కార్డులు తీసేసి మళ్లీ మొదటినుంచి చేశాను. పుస్తకాన్ని కార్డుల్లో చెప్పడమంటే ఏమిటో నాకు ఆ రెండోసారి చేసేటప్పుడే తెలిసింది.

ఎంత చోటు ఉంది?

వేలితో పక్కకి జరుపుతూ ఒకదాని తర్వాత ఒకటి చూసే బొమ్మల వరసను కారౌసెల్ అంటారు. మన జాతరలో రంగులరాట్నానికి ఇంగ్లిషులో ఉన్న పేరే ఇది. ఇన్‌స్టాగ్రామ్ 2017లో ఒకే పోస్టులో పది బొమ్మలదాకా పెట్టుకోనిచ్చింది. 2024లో దాన్ని ఇరవైకి పెంచింది. ఇరవై ఉన్నా పుస్తక పరిచయానికి పదే మేలని నా అనుభవం. అంతకు మించితే చూసేవాళ్లు మధ్యలోనే దిగిపోతారు.

నిలువు కార్డుకు మామూలుగా వాడే కొలత 1080 × 1350 పిక్సెళ్లు. ఫోన్‌లో చదవడానికి వీలైనంత పెద్ద అక్షరాలు పెడితే ఒక కార్డులో ముప్పై, మహా అయితే నలభై తెలుగు మాటలు పడతాయి. పది కార్డులకు కలిపి మూడు నాలుగు వందల మాటలు. గవాండే పుస్తకం రెండొందల పేజీల పైమాటే. ఆ పుస్తకాన్ని ఇంత చోటులోకి కుదించబోతే మిగిలేది విషయసూచిక. మొదటిసారి నేను చేసింది సరిగ్గా అదే. పుస్తకంలో తొమ్మిది అధ్యాయాలు, నావి తొమ్మిది కార్డులు, పైన ఒక అట్ట.

అధ్యాయాలు రచయిత తన సౌకర్యం కోసం చేసుకున్న అరలు. ఆయన వాదన ఆ అరలన్నిటిలోంచీ దారంలా సాగుతుంది. కార్డుల్లో చూపాల్సింది ఆ దారాన్ని. అది దొరకడానికి నేనిప్పుడు ఒక కాగితం మీద నాలుగు వాక్యాలు పూర్తి చేస్తాను. అందరూ ఇలా అనుకుంటారు. ఈ రచయిత ఇలా అంటున్నాడు. దానికి ఆయన చూపే రుజువు ఇది. ఆ మాట ఇక్కడిదాకానే చెల్లుతుంది. ఈ నాలుగూ రాయలేకపోతే పుస్తకం నాకింకా అర్థం కానట్టే.

గవాండే పుస్తకానికి నేను రాసుకున్నవి ఇవి. పెద్ద చదువు, అనుభవం ఉన్నవాళ్లకు జాబితా అక్కర్లేదని అందరూ అనుకుంటారు. పని చిక్కుపడేకొద్దీ ఎక్కువ తెలిసినవాళ్లే చిన్న మెట్లు దాటేస్తారనీ, ఒక పొట్టి జాబితా, దాన్ని చదివి పని ఆపగల అధికారం ఉన్న మనిషి, ఈ రెండూ కలిస్తేనే తప్పు ఆగుతుందనీ ఆయన అంటాడు. రుజువులు విమానాల నుంచి, ఆసుపత్రుల నుంచి తెచ్చాడు. ఇక చెల్లుబాటు విషయానికొస్తే, జాబితా మరుపును ఆపుతుంది గానీ నైపుణ్యాన్ని ఇవ్వదు.

పిన్ని అడిగిన ప్రశ్నకు జవాబు రెండో వాక్యంలో ఉంది. మొదటిసారి ఈ నాలుగు వాక్యాలు రాసుకుని ఉంటే ఆ ఫోన్ వచ్చేదే కాదు.

సొంత మాట అంటే

సొంత మాటల్లో రాయడమంటే చాలామంది పుస్తకం ముందు పెట్టుకుని వాక్యంలో మాటలు మారుస్తారు. ‘కష్టం’ ఉన్నచోట ‘ఇబ్బంది’, ‘ముఖ్యం’ ఉన్నచోట ‘కీలకం’. వాక్యం ఎముకలు రచయితవే, పైన చర్మం మాత్రం మనది. ఇంగ్లిషు పుస్తకాన్ని తెలుగులో చెప్పేటప్పుడు ఈ ఉచ్చు ఇంకా బిగుస్తుంది. భాష మారింది కాబట్టి మాట మనదైపోయిందనుకుంటాం. నిజానికి అది అనువాదం, అది కూడా అనుమతి లేని అనువాదం.

చట్టం కూడా ఈ తేడా చూస్తుంది. ఆలోచనకు కాపీరైటు ఉండదు, దాన్ని చెప్పిన తీరుకు ఉంటుంది. ఆర్.జి. ఆనంద్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 1978లో ఈ సంగతి తేల్చిచెప్పింది. విమర్శ కోసం, సమీక్ష కోసం ఒక రచనను న్యాయమైన మేరకు వాడుకోవడానికి 1957 నాటి కాపీరైటు చట్టం 52వ సెక్షను వీలిస్తుంది. రచయిత వాక్యాలు వరసపెట్టి పది కార్డులు నింపడాన్ని మాత్రం సమీక్ష అనడం కష్టం.

నా పద్ధతి ఇది. పుస్తకం మూసి పక్క గదిలో పెడతాను. ఆ భాగాన్ని పిన్నికి చెబుతున్నట్టు ఫోన్‌లో రికార్డు చేసుకుంటాను. తర్వాత విని, నేను నిజంగా అన్న మాటలే రాసుకుంటాను. ఆ తర్వాతే పుస్తకం తెరిచి పేర్లు, సంవత్సరాలు, అంకెలు సరిచూస్తాను. చెప్పేటప్పుడు ఎక్కడ తడబడ్డానో అక్కడ నాకు అర్థం కాలేదని లెక్క. ఆ పేజీలు మళ్లీ చదవాల్సిందే.

ఒక ఉదాహరణ చూడండి. మొదటిసారి చేసిన కార్డుల్లో ఒకదాని మీద నేను రాసింది ఇది: “సంక్లిష్టతను జయించడానికి చెక్‌లిస్టు ఒక శక్తిమంతమైన సాధనం.” ఇందులో తప్పేమీ లేదు, అలాగని ఏమీ లేదు కూడా. చెక్‌లిస్టు తీసేసి ‘ధ్యానం’ అని పెట్టినా వాక్యం నిలబడుతుంది. ఇంకో పుస్తకానికి అతికించగలిగిన వాక్యం ఈ పుస్తకం గురించి ఏమీ చెప్పనట్టే. రికార్డు విన్నాక రాసింది ఇలా వచ్చింది: “తెలియనివాడు ఆగి అడుగుతాడు. వెయ్యిసార్లు చేసినవాడు ఆగడు. అందుకే జాబితా వెయ్యిసార్లు చేసినవాడికే ఎక్కువ అవసరం.” ఈ మూడు వాక్యాలూ పుస్తకంలో ఎక్కడా లేవు. ఆలోచన మాత్రం ఆయనదే.

పది కార్డులూ ఇవి

రెండోసారి చేసినవాటిని వరసగా చూద్దాం. ఒక్కో కార్డు ఒక్కో ప్రశ్నకు జవాబిస్తుంది. ఆ జవాబు చదివాక మనసులో పుట్టే ప్రశ్న తర్వాతి కార్డుకు దారి తీయాలి. పక్కకి జరపమని బాణం గుర్తు పెట్టినా, వేలిని కదిపేది ఆ ప్రశ్నే.

1. “తెలియక చేసే తప్పులకు చదువు మందు. తెలిసీ చేసే తప్పులకు?” కింద చిన్న అక్షరాల్లో పుస్తకం పేరు, రచయిత పేరు, 2009 అన్న సంవత్సరం. అట్ట ఫొటో పెట్టలేదు. ప్రశ్నే అట్ట.

2. “గవాండే సర్జన్. చదువు, అనుభవం, యంత్రాలు అన్నీ ఉన్న ఆపరేషన్ గదిలో కూడా ఒక చిన్న పని మరిచిపోవడం వల్ల ప్రాణం ఎందుకు పోతుందన్నది ఆయన ప్రశ్న. జవాబు వెతుక్కుంటూ విమానాల దగ్గరికి వెళ్లాడు.”

3. “1935 అక్టోబరు 30, అమెరికాలోని ఒహాయో. బోయింగ్ కొత్త బాంబర్ పైకి లేచి కూలిపోయింది. ఇద్దరు చనిపోయారు. యంత్రం చెడలేదు. నేల మీద ఉన్నప్పుడు తోకలోని రెక్కలు గాలికి ఊగకుండా వేసే లాక్‌ను పైలట్ తీయడం మరిచాడు. ఆయన కొత్తవాడేమీ కాదు, ఆరితేరినవాడు.”

ఈ విమానమే తర్వాత బి-17గా పేరు తెచ్చుకుంది. పైలట్లకు శిక్షణ పెంచకుండా, చిన్న కార్డు మీద పట్టేంత జాబితా తయారుచేసుకుని దాన్ని వేలసంఖ్యలో నడిపారు. ఆ కబురు కార్డులో పెట్టలేదు. మూడో కార్డు పని ఒక్కటే, ఆరితేరినవాడే మరిచాడని చూపడం.

4. “2001, జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రి ఐసీయూ. గుండె దగ్గరి పెద్ద సిరలోకి గొట్టం పెట్టేముందు చేయాల్సినవి ఐదే: చేతులు కడగడం, రోగి చర్మం మందుతో తుడవడం, ఒళ్లంతా శుభ్రమైన గుడ్డ కప్పడం, తాను మాస్కు, టోపీ, గౌను, గ్లవ్స్ వేసుకోవడం, పెట్టాక కట్టు వేయడం. నర్సులు నెలరోజులు గమనించారు. ప్రతి ముగ్గురు రోగుల్లో ఒకరికి పైగా ఏదో ఒక మెట్టు తప్పింది.”

5. “పీటర్ ప్రొనొవోస్ట్ అనే డాక్టరు ఆ ఐదూ కాగితం మీద పెట్టాడు. కథ అక్కడితో ఆగితే ఏమీ జరిగేది కాదు. మెట్టు తప్పితే డాక్టరును ఆపే అధికారం నర్సుకు ఇప్పించాడు. ఆసుపత్రి పెద్దలు నర్సు వైపు నిలబడ్డారు. పదిరోజుల గొట్టాల్లో నూటికి 11 దాకా ఉన్న ఇన్ఫెక్షన్లు సున్నాకు పడ్డాయి.”

మొదటిసారి నేను వదిలేసిన కార్డు ఇదే. పది కార్డుల వరసలో ఇది మలుపు. నాలుగోది చదివినవాడు ‘ఓహో, జాబితా రాసుకోవాలన్నమాట’ అనుకుంటాడు. ఐదోది ఆ అనుకోవడాన్ని విరుస్తుంది. ప్రతి మంచి పుస్తకంలోనూ ఇలా విరిచే చోటు ఒకటుంటుంది. అది వరసలో సగం దగ్గర పడాలి. మరీ ముందుంటే దాని బరువు తెలియదు, చివర్లో ఉంటే అక్కడిదాకా వచ్చేవాళ్లు తక్కువ.

6. “మంచి జాబితా పొట్టిగా ఉంటుంది. ఐదు నుంచి తొమ్మిది అంశాలు. అన్నీ రాయకూడదు, మరిస్తే కొంప మునిగేవే రాయాలి. ఎప్పుడు చదవాలో ఒక ఆగే చోటు ఉండాలి: ఇంజన్ తిప్పేముందు, కత్తి పెట్టేముందు.”

7. “ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం గవాండే బృందం 19 అంశాల జాబితా చేసింది. దిల్లీ, లండన్, టాంజానియాలోని ఇఫకారా సహా ఎనిమిది ఊళ్ల ఆసుపత్రుల్లో పరీక్షించారు. పెద్ద సమస్యలు వందమందిలో 11 నుంచి 7కు, మరణాలు వెయ్యిమందిలో 15 నుంచి 8కి తగ్గాయి.”

8. “ఇది పుస్తకంలో లేదు. కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో 101 ఆసుపత్రుల్లో ఈ పద్ధతి తెచ్చాక ముందూ వెనకా లెక్కలు పోల్చారు. 2014లో వచ్చిన ఫలితం: చెప్పుకోదగ్గ తేడా లేదు. కాగితం వచ్చినంత తేలిగ్గా అలవాటు రాదేమో!”

9. నా మాట. దీని గురించి కింద చెబుతాను.

10. “నేను వదిలేసినవి: భారీ భవనాలు కట్టేవాళ్లు ఎవరు ఎవరితో ఎప్పుడు మాట్లాడాలో కూడా జాబితాలో పెట్టుకునే పద్ధతి, ఒక రాక్ బ్యాండ్ ఒప్పందంలోని మిఠాయి షరతు కథ. అవి పుస్తకంలోనే చదవాలి.” వదిలేసినదాన్ని చెప్పడం నిజాయితీ కోసమే కాదు. ఇదే పుస్తకమంతా అనే భ్రమ పోతుంది, పుస్తకం వైపు ఒక తలుపు తెరిచినట్టూ అవుతుంది.

అంకె దగ్గర జారిపడతాం

ఏడో కార్డు రాయడానికి మిగతా వాటన్నిటికన్నా ఎక్కువసేపు పట్టింది. ఆ ఫలితాన్ని రెండు రకాలుగా చెప్పొచ్చు. ‘మరణాలు దాదాపు సగానికి తగ్గాయి’ అన్నది ఒకటి. ‘వెయ్యిమందిలో 15 నుంచి 8కి తగ్గాయి’ అన్నది రెండోది. రెండూ నిజాలే. మొదటిది విన్నవాడికి ఆపరేషన్ బల్ల మీద సగంమంది చనిపోతున్నారేమో అనిపించవచ్చు. రెండోది విన్నవాడికి ఎంతమందిలో ఎంతమందో కళ్లకు కడుతుంది. కార్డు మీద చోటు తక్కువ కాబట్టి మొదటిదే పెట్టాలనిపిస్తుంది, చూడ్డానికీ అదే ఘనంగా ఉంటుంది. రెండోదే పెట్టాను.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. ఆ పరీక్షలో జాబితా రాకముందు ఆపరేషన్ చేయించుకున్నవాళ్లను, వచ్చాక చేయించుకున్నవాళ్లతో పోల్చారు. ఎవరో తమను గమనిస్తున్నారని తెలిస్తే మనుషులు ఎలాగూ జాగ్రత్తగా పనిచేస్తారు. అందుకే తగ్గుదలంతా కాగితం ఖాతాలో వేయలేం. ఒంటారియో లెక్కలు ఎనిమిదో కార్డులో పెట్టింది అందుకే. పుస్తకం 2009 నాటిది, ఆ ఫలితం ఐదేళ్ల తర్వాతది. పుస్తకాన్ని పరిచయం చేసేవాడు పుస్తకం తర్వాత ఏం జరిగిందో ఒక్కసారైనా వెతకాలి.

అలా వెతికి తెచ్చినదాన్ని రచయిత నోట్లో పెట్టకూడదు. చూసేవాడికి కార్డు మీద ఉన్నదంతా పుస్తకంలోదే అనిపిస్తుంది. అందుకని పై మూలన మూడు రకాల చిన్న చీటీలు పెట్టాను. ‘పుస్తకం’, ‘తర్వాత తెలిసింది’, ‘నా మాట’. చీటీకో రంగు. ఎవరి మాట ఎక్కడ ఆగి ఎవరిది మొదలైందో ఎవరూ తడుముకోనక్కర్లేదు.

మొదటిసారి వదిలేసిన మరో అంకె ఈసారి ఐదో కార్డు దిగువన చేరింది. ఎనిమిది ఆసుపత్రుల్లో పరీక్ష అయ్యాక సిబ్బందిని అడిగారట. నూటికి ఎనభైమంది జాబితా వాడటం తేలికే అన్నారు, ఇరవైమంది విసుక్కున్నారు. ఇంకో ప్రశ్న వేశారు. ఆపరేషన్ మీకే జరిగితే జాబితా వాడమంటారా? 93 మంది వాడమన్నారు. విసుక్కున్నవాళ్లలోనూ చాలామంది తమ ఒంటి మీదకు వచ్చేసరికి జాబితా కావాలన్నారు. ఆ ఒక్క లెక్క వందమాటల వివరణ కంటే పదునుగా తగులుతుంది.

తెలుగు అక్షరానికి చోటివ్వాలి

ఇంగ్లిషు కార్డుల కోసం చేసిన నమూనాల్లో తెలుగు పోస్తే ఇరుకైపోతుంది. మన అక్షరానికి పైన గుడి, కింద ఒత్తులు ఉంటాయి. వరసల మధ్య ఎడం ఇంగ్లిషుకు సరిపోయినంతే ఉంచితే పై వరసలోని ఒత్తు కింది వరసలోని గుడిని గుద్దుకుంటుంది. ‘రాష్ట్ర’ లాంటి మాట కింద ‘కీ’ పడ్డచోట చూడండి, తెలిసిపోతుంది. అక్షరం ఎత్తుకు ఒకటిన్నర రెట్లకు తగ్గకుండా ఎడం ఇస్తే ఊపిరాడుతుంది. అక్షరాల మధ్య ఎడం పెంచే మీట జోలికి మాత్రం పోవద్దు. ఇంగ్లిషులో అది సొగసు, తెలుగులో మాట ముక్కలవుతుంది.

ఫాంటు విషయంలో శీర్షికకు రామభద్ర లాంటి బండ అక్షరం, లోపలి మాటకు మండలి లాంటి తేలిక అక్షరం వాడతాను. రెండూ ఉచితంగా దొరికే యూనికోడ్ ఫాంట్లే. డీటీపీ చేసేవాళ్ల దగ్గర అను ఫాంట్లలో టైపు చేసిన మాటను నేరుగా తెచ్చి అతికిస్తే అర్థంలేని గుర్తులు వస్తాయి, ముందు యూనికోడ్‌లోకి మార్చుకోవాలి. కొన్ని డిజైన్ సాఫ్ట్‌వేర్లలో ఒత్తు కిందకు చేరకుండా పొల్లుతో పక్కన నిలబడిపోతుంది. అది ఫాంటు తప్పు కాదు, భారతీయ లిపుల్ని అమర్చే సెట్టింగు ఆన్ చేయకపోవడం. కార్డు పూర్తయ్యాక పెద్ద తెర మీద చూసి మురిసిపోకుండా, ఫోన్‌కి పంపుకుని చేయి చాచి పట్టుకుని చదువుతాను. ఆ దూరంలో చదవలేకపోతే మాటలు తగ్గిస్తాను, అక్షరం సైజు మాత్రం తగ్గించను.

ఇంకొకటి. కార్డుల్ని ఎవరూ కట్టగా దాచుకోరు. నచ్చిన ఒక్కదాన్ని స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్‌లో పంపుతారు. మిగతా తొమ్మిదీ దాని వెంట వెళ్లవు. అందుకని ప్రతి కార్డూ ఒంటరిగా చదివినా అర్థమవ్వాలి. దిగువన పుస్తకం పేరు, రచయిత పేరు ప్రతిదాని మీదా ఉండాలి.

తొమ్మిదో కార్డు

‘నా మాట’ అన్నచోట చాలామంది రాసేది ‘ఈ పుస్తకం నా ఆలోచన మార్చేసింది’ అని. నేనూ మొదటిసారి ఇంచుమించు అదే రాశాను. ఏ ఆలోచన? ఎలా ఉండేది, ఎలా అయింది? ఏమీ లేదు. పుస్తకం చదివాక నేను చేసిన పని ఏదీ లేకపోబట్టే రాయడానికి ఏమీ దొరకలేదు.

రెండోసారికి దొరికింది. నెల్లూరు నుంచి ఇంటిల్లిపాదీ తిరుమల బయల్దేరాం. శ్రీకాళహస్తిలో టీ తాగడానికి ఆగినప్పుడు తెలిసింది, నాన్న అసలు ఆధార్ కార్డు ఇంట్లోనే, జిరాక్సు కవర్లో ఉండిపోయిందని. టికెట్ తీసుకున్నప్పుడు చూపిన గుర్తింపు కార్డే దర్శనానికీ చూపాలి. తమ్ముడు బస్సెక్కి వెనక్కి వెళ్లాడు. కార్డు వచ్చేసరికి మా దర్శనం వేళ దాటిపోయింది.

ఆ వేడిలో జాబితా రాశాను. సబ్బు, పేస్టు, దువ్వెన, తువ్వాళ్లతో కలిపి 27 అంశాలు. తర్వాతిసారి బయల్దేరినప్పుడు ఆ కాగితం ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద పదిలంగా ఉంది. నాన్న బీపీ మాత్రలు కూడా ఇంట్లోనే పదిలంగా ఉన్నాయి. జాబితాలో మాత్రలు 19వ అంశం. అంతదూరం ఎవరూ చదవలేదు.

అప్పుడు గుర్తొచ్చింది, మరిస్తే కొంప మునిగేవే రాయమన్న మాట. సబ్బు మరిస్తే కొండ మీద కొనుక్కోవచ్చు. ఏది మరిస్తే డబ్బిచ్చినా దొరకదో అవే ఉంచాను. టికెట్ ప్రింటు, అందరి అసలు గుర్తింపు కార్డులు, నాన్న మాత్రలు, అమ్మ కళ్లజోడు. ఇంట్లో ఆపాల్సినవి రెండు, గ్యాసు, మోటారు. మొత్తం ఆరు. చదివే పని తమ్ముడి కూతురికి ఇచ్చాం. దానికి పదేళ్లు. వీధి తలుపుకు తాళం వేసేముందు అది చదువుతుంది, ఎవరి వస్తువు వాళ్లు తీసి చూపాలి. ‘పెట్టుకున్నాను’ అంటే చెల్లదు. అది సరే అనేదాకా తాళం పడదు.

మొదటిసారి నాన్న చిరాకుపడ్డారు. “నాకు చెప్పేదాకా వచ్చిందా ఇది?” అన్నారు. అది బెదరలేదు. “తాతా, మాత్రలు చూపించు” అంది. ఆయన సంచీ వెతికారు, చొక్కా జేబు తడుముకున్నారు, లోపలికి వెళ్లి టీవీ పక్కనున్న డబ్బా తెచ్చుకున్నారు.

తొమ్మిదో కార్డు మీద రాసింది ఇంతే: “27 అంశాల జాబితా నాన్న మాత్రల్ని గుర్తు చేయలేకపోయింది. ఆరు అంశాలు, ఒక పదేళ్ల పిల్ల గుర్తుచేశాయి. ఆ పిల్ల ఆగమంటే నాన్న ఆగాలని ఇంట్లో అందరం ఒప్పుకున్నాం. కష్టమైన భాగం అదే.”

ఇందులో నా తప్పు ఉంది, నా మొదటి ప్రయత్నం ఓడిపోవడం ఉంది. అవి పెట్టాలా అని కాసేపు తటపటాయించాను. గవాండే చివరి అధ్యాయం గుర్తొచ్చాక పెట్టేశాను. ఆపరేషన్‌లో తన చేతుల మీదుగానే పెద్ద సిర చిరిగి రోగికి రక్తం ధారగా పోవడం గురించి ఆయన అక్కడ రాస్తాడు. మొదలుపెట్టేముందు జాబితా చదువుతుంటే, ఉండాల్సిన రక్తం సిద్ధంగా లేదని నర్సు కనిపెట్టింది. తెప్పించి ఉంచారు. దాంతో ఆ మనిషి బతికాడు. చెక్‌లిస్టు గురించి పుస్తకం రాసిన మనిషే తన తప్పు దాచుకోకపోతే, పది కార్డులు చేసిన నాకు దాచుకోవడానికేముంది?

కొత్త కార్డులకు లైకులు పాతవాటికన్నా తక్కువే వచ్చాయి. రెండు రోజుల తర్వాత పిన్ని దగ్గరనుంచి మెసేజ్ వచ్చింది. ఐదో కార్డు ఒక్కటే స్క్రీన్‌షాట్ తీసి, తనతో పనిచేసిన నర్సుల వాట్సాప్ గ్రూపులో పెట్టిందట. అక్కడ ఒకామె అడిగిందట, ఈ మాట ఏ పుస్తకంలోదని. కార్డు దిగువన చూడమని చెప్పిందట పిన్ని.